కొత్త ఉద్యోగిని పరిచయం చేసే నాలుగు పేరాలు

కంపెనీలో కొత్తవాళ్లు చేరిన రెండు మూడు రోజులకు లోపలి పోర్టల్‌లో ఒక ఫొటో, దాని కింద నాలుగైదు వాక్యాలు కనిపిస్తాయి. ఫలానా వారు ఫలానా హోదాలో మన సంస్థలో చేరారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం, వారికి ఈ రంగంలో పన్నెండేళ్ల అనుభవం ఉంది, వారి నైపుణ్యం మన సంస్థ ఎదుగుదలకు ఎంతో తోడ్పడుతుందని ఆశిస్తున్నాం, అందరూ సాదరంగా ఆహ్వానించగలరు. ఐటీ కంపెనీ అయినా, సిమెంటు ఫ్యాక్టరీ అయినా, బ్యాంకు అయినా వాక్యాలు ఇవే. పేరు మార్చి వచ్చే నెల చేరినవారికి అతికించినా ఎవరూ గుర్తుపట్టరు.

ఈ పరిచయాన్ని హెచ్చార్ విభాగంలో ఎవరో ఒకరు, చాలాసార్లు అందరికంటే చిన్న ఉద్యోగి, జాయినింగ్ కాగితాల పని ముగించుకుని సాయంత్రం పూట రాస్తారు. చేతిలో ఉండేది రెజ్యూమె ఒక్కటే. రెజ్యూమె ఉద్యోగం కోసం, ఇంటర్వ్యూ చేసేవారి కోసం రాసుకున్న కాగితం. పక్క విభాగంలో కూర్చునే మనిషి కోసం రాసింది కాదు. దాన్ని కుదించి పెడితే కొత్త మనిషి గురించి పాతవాళ్లకు ఏమీ తెలియదు. ఆ కాగితాన్ని పరిచయంగా ఎలా మార్చాలి, అందులో ఏది వాడాలి, ఏది వదలాలి, ఎవరిని అడిగి రాయాలి అన్నదే ఇక్కడి విషయం. ఒక ఉదాహరణను మొదటినుంచి చివరిదాకా నడిపించి చూపిస్తాను.

చదివేవారికి కావలసింది

పరిచయం చదివే మనిషి మనసులో ఉండే ప్రశ్నలు చాలా మామూలువి. ఈయన ఎక్కడ కూర్చుంటారు? ఎవరితో పనిచేస్తారు? నా పనికీ ఈయన పనికీ ఎక్కడ సంబంధం? ఏ విషయానికి ఈయన దగ్గరికి వెళ్లవచ్చు? ఎలా పిలవాలి? వీటిలో ఒక్కదానికి కూడా జవాబు లేకుండా ‘అపారమైన అనుభవం’ అని రాస్తే ఆ పరిచయం సంస్థ తనను తాను పొగుడుకున్నట్టు ఉంటుంది.

కొత్తగా చేరిన మనిషికి కావలసింది ఇంకొకటి. తనను ఒక హోదాగా కాక, తనకంటూ పని, పద్ధతి ఉన్న మనిషిగా చూడాలి. ఇది కేవలం మర్యాద విషయం కాదని చెప్పడానికి మన దేశంలోనే జరిగిన ఒక ప్రయోగం ఉంది. లండన్ బిజినెస్ స్కూల్ ఆచార్యుడు డేనియల్ కేబుల్, మరో ఇద్దరు పరిశోధకులు కలిసి విప్రో బీపీఓలో కొత్తగా చేరినవారి మీద దాన్ని చేశారు. ఫలితాలు 2013లో అచ్చయ్యాయి. మామూలు శిక్షణకు ఒక గంట కలిపారు. ఒక బృందం ఆ గంటలో తమ బలాలేమిటో, తాము పనిని ఎలా చేస్తామో ఆలోచించుకుని తోటివారికి చెప్పుకుంది. వారికి తమ పేరు ఉన్న బ్యాడ్జీ, స్వెట్‌షర్టు ఇచ్చారు. రెండో బృందానికి ఆ గంటసేపు సంస్థ గొప్పతనం, విలువలు చెప్పి సంస్థ పేరున్నవి ఇచ్చారు. మూడో బృందానికి ఎప్పటి శిక్షణే. తర్వాతి నెలల్లో లెక్క చూస్తే, మామూలు శిక్షణ పొందినవారితో పోల్చినప్పుడు మొదటి బృందంలో మానేసినవారు తక్కువ. వారి సేవ అందుకున్న కస్టమర్ల సంతృప్తి ఎక్కువ.

ఆ ప్రయోగం ముఖాముఖి మాట్లాడుకున్న ఒక గంట గురించి. పోర్టల్‌లో నాలుగు పేరాలు రాస్తే అంత ఫలితం వస్తుందని దాని అర్థం కాదు. కానీ ఆ నాలుగు పేరాల్లో సంస్థ గురించి ఎంత రాయాలి, మనిషి గురించి ఎంత రాయాలి అన్న ప్రశ్నకు మాత్రం అది దారి చూపిస్తుంది. సంస్థ గురించి పాతవాళ్లకు తెలుసు. తెలియనిది ఆ మనిషి గురించే.

రెజ్యూమెలోని ఒక వాక్యం

ఇక ఉదాహరణలోకి వెళదాం. ఇది పాఠకుల కోసం కల్పించుకున్నదే. పటాన్‌చెరు వైపు ఉన్న ఒక మందుల కంపెనీ అనుకోండి. మాత్రలు తయారుచేస్తుంది. క్వాలిటీ కంట్రోల్ విభాగంలో స్టెబిలిటీ సెక్షన్‌కు మేనేజరుగా ఒకావిడ చేరారు. సొంతూరు నర్సీపట్నం దగ్గర. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎనలిటికల్ కెమిస్ట్రీ ఎమ్మెస్సీ. అనకాపల్లి జిల్లా పరవాడ ఫార్మాసిటీలో తొమ్మిదేళ్లు పనిచేశారు. మధ్యలో రెండేళ్లు ఉద్యోగం చేయలేదు.

ఆమె రెజ్యూమెలో ముఖ్యమైన వాక్యం ఇలా ఉంటుంది: ఐసీహెచ్ మార్గదర్శకాల ప్రకారం స్టెబిలిటీ అధ్యయనాల నిర్వహణ, ఛాంబర్ల క్వాలిఫికేషన్, ఓఓఎస్ దర్యాప్తులు. ఆ రంగంలో ఉన్నవారికి ఇది చక్కగా అర్థమవుతుంది. అదే కంపెనీలో స్టోర్స్‌లో, అకౌంట్స్‌లో, మార్కెటింగ్‌లో ఉన్నవారిలో చాలామందికి అర్థం కాదు. పరిచయం వాళ్లకోసం కూడా. అందుకని రాసేవారు ముందుగా చేయాల్సింది ఈ వాక్యం వెనక జరిగే పనేమిటో తెలుసుకోవడం.

మనం కొనే మాత్రల పట్టీ మీద ఎక్స్‌పైరీ తేదీ ఉంటుంది కదా. ఆ తేదీని ఎవరూ అంచనాగా వేయరు. తయారైన బ్యాచ్‌ల నుంచి, మార్కెట్లోకి వెళ్లే ప్యాకింగుతోనే, కొన్ని పట్టీలు తీసి గదుల్లాంటి పెద్ద పెట్టెల్లో దాస్తారు. వాటినే ఛాంబర్లు అంటారు. వేడి, తేమ బాగా ఎక్కువగా ఉన్న చోట అమ్మే మందులకైతే 30 డిగ్రీల వేడి, 75 శాతం తేమ దగ్గర ఒక వరుస, త్వరగా ఫలితం తెలియడం కోసం 40 డిగ్రీలు, 75 శాతం తేమ దగ్గర ఆరు నెలలపాటు ఇంకో వరుస పెడతారు. మొదటి ఏడాది మూడు నెలలకొకసారి, రెండో ఏడాది ఆరు నెలలకొకసారి, ఆ తర్వాత ఏడాదికొకసారి బయటికి తీసి, అందులో మందు ఎంత మిగిలింది, విరిగిపోయి వేరే పదార్థాలుగా ఎంత మారింది అని కొలుస్తారు. ఆ కొలతలు నిలబడినన్నాళ్లే ఆ మాత్రకు ఆయుష్షు. కొలత హద్దు దాటితే అది ల్యాబ్ పొరపాటా, నిజంగా మందే పాడైందా అని దర్యాప్తు చేస్తారు. రెజ్యూమెలో ఉన్న ‘ఓఓఎస్’ అదే.

ఇది తెలిశాక పరిచయంలో రాయాల్సిన వాక్యం దానంతట అదే వస్తుంది: ‘మన మాత్రల పట్టీ మీద వేసే ఎక్స్‌పైరీ తేదీకి ఆధారమైన పరీక్షలు ఇక వీరి పర్యవేక్షణలో జరుగుతాయి.’ స్టోర్స్‌లో మూటలు లెక్కపెట్టే కుర్రాడికి కూడా ఇది అర్థమవుతుంది, క్వాలిటీవాళ్లకు తప్పుగా అనిపించదు. రెజ్యూమెలోని పారిభాషిక పదాన్ని పక్కవాడికి తెలిసిన వస్తువుతో ముడిపెట్టడమే ఇక్కడ చేసిన పని. ప్రతి ఉద్యోగానికీ అలాంటి వస్తువు ఒకటి దొరుకుతుంది. పేరోల్‌లో చేరినవారికి నెలాఖరు జీతం చీటీ, నెట్‌వర్క్ ఇంజనీరుకు మూడో అంతస్తులో తరచూ తెగిపోయే వైఫై.

పావుగంట మాట్లాడాలి

రెజ్యూమెతో ఇంతవరకే రాగలం. మిగతాది ఆ మనిషే చెప్పాలి. దానికి ఫారం ఇచ్చి నింపమంటే ‘హాబీలు: పుస్తకాలు, సంగీతం, ప్రయాణాలు’ అని వస్తుంది. ఎదురుగా కూర్చుని పావుగంట మాట్లాడితే అసలు సంగతులు వస్తాయి. అడగాల్సిన ప్రశ్నలు నాలుగైదు చాలు, అవీ పని చుట్టూ తిరగాలి. ఇదివరకటి ఉద్యోగంలో మీ దగ్గరికి అందరూ ఏ విషయానికి వచ్చేవారు? మీరు చేసిన పనిలో మీకే బాగా నచ్చింది ఏది? ఇక్కడ మొదటి మూడు నెలల్లో ఏం చేయాలనుకుంటున్నారు? మొదట ఎవరిని కలవాలనుంది? చివరగా, పనికి సంబంధం లేకుండా, అడగకపోయినా మీరు అరగంట మాట్లాడగల విషయం ఏమిటి?

మన ఉదాహరణలోని మేడమ్‌ను ఇలా అడిగారనుకుందాం. ‘ప్యాకింగ్ వాళ్లు వచ్చేవారండి. కొత్త మాత్రకు మామూలు బ్లిస్టర్ సరిపోతుందా, రెండువైపులా అల్యూమినియం ఉన్న ఆలు-ఆలు కావాలా అని అడిగేవారు. తేమ సంగతి మా దగ్గర తేలుతుంది కదా’ అన్నారు. ఇది రెజ్యూమెలో లేదు. కానీ మొత్తం సంభాషణలో ఇంతకంటే విలువైన వాక్యం ఉండదు. ఎందుకంటే ఆలు-ఆలు ప్యాకింగ్ ఖరీదు ఎక్కువ, అవసరం లేనిచోట వాడితే డబ్బు దండగ, అవసరమైన చోట వాడకపోతే మాత్ర తేమ పీల్చుకుని పాడవుతుంది. ప్యాకింగ్ విభాగంలో ఎవరైనా ఇది చదివితే మర్నాడే ఆమె బల్ల దగ్గరికి వెళ్లడానికి ఒక కారణం దొరుకుతుంది. పరిచయం పనిచేసిందా లేదా అనడానికి నేను పెట్టుకున్న కొలబద్ద ఇదే: చదివినవాళ్లలో ఒకరైనా ఆ వారంలో ఏదో ఒక పనిమీద కొత్త మనిషి దగ్గరికి వెళ్లాలి.

చివరి ప్రశ్నకు ఆమె తప్పెటగుళ్ల గురించి చెప్పారనుకుందాం. రొమ్ము మీద తప్పెట కట్టుకుని వాయిస్తూ ఆడే ఉత్తరాంధ్ర కళ అది. ఊరికి వెళ్లినప్పుడల్లా ప్రదర్శనలను ఫోన్లో రికార్డు చేసి దాచుకుంటారట. ‘సంగీతం ఇష్టం’ అనే మాటకూ దీనికీ ఉన్న తేడా పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు. క్యాంటీన్లో పక్కన కూర్చున్న శ్రీకాకుళం మనిషి ఈ ఒక్క ముక్కతో మాట కలుపుతాడు.

పేరు విషయంలో జాగ్రత్త

అన్నిటికంటే ఎక్కువ తప్పులు జరిగేది పేరు దగ్గరే. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది. కంపెనీ సాఫ్ట్‌వేర్ మొదటి పేరు, చివరి పేరు అని రెండు గడులు అడుగుతుంది. పాస్‌పోర్టులో ఒక రకంగా, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంకో రకంగా, ఆధార్‌లో మరో రకంగా ఉన్న పేరును ఆ గడుల్లో ఎలాగో ఇరికిస్తారు. చివరికి తెర మీద ఇంటిపేరు ఒక్కటే కనిపిస్తుంది, లేదా ‘వెంకట’ అని మాత్రమే కనిపిస్తుంది. అదే కంపెనీలో వెంకటలు ఇప్పటికే డజను మంది ఉంటారు. తమిళనాడు నుంచి వచ్చినవారైతే పేరుకు జతగా తండ్రి పేరే ఉంటుంది. చివరి పేరు అనుకుని దాంతో పిలిస్తే వాళ్ల నాన్నగారిని పిలిచినట్టే. అందుకని సాఫ్ట్‌వేర్‌లో ఉన్నది చూసి రాయకూడదు. మిమ్మల్ని ఎలా పిలవాలి, ఎలా రాయాలి అని అడిగి, చెప్పినట్టే రాయాలి.

దీనిలో మన నేలకు ప్రత్యేకమైన ఇంకో మెలిక ఉంది. ఇంటిపేరు, పేరు చివరి తోక, సొంతూరు, ఒక్కోసారి చదివిన హాస్టల్ పేరు కూడా చూసి మనవాళ్లు కులం లెక్కకడతారు. కొందరు కావాలనే పేరు చివర తోకను వదిలేసి ఉంటారు. కొందరు ఇంటిపేరును పొడి అక్షరంగా కుదించి ఉంటారు. రాసేవారు సర్టిఫికెట్లు చూసి పూర్తి పేరు రాయడమే మర్యాద అనుకుని దాన్ని మళ్లీ తగిలిస్తే, ఆ మనిషి తీసుకున్న నిర్ణయాన్ని అందరి ముందూ తిప్పికొట్టినట్టు. సొంతూరు సంగతీ అంతే. తనంతట తాను చెబితే, రాయమంటేనే రాయాలి. ఏ ప్రాంతం వారన్నది హాస్యానికి వాడుకోవడం అసలు పనికిరాదు. నవ్వు పుట్టిస్తుందనుకున్న వాక్యం ఆ మనిషిని ఏళ్ల తరబడి వెంటాడుతుంది.

గౌరవం విషయంలో తెలుగులో రాసేవారికి ఒక సౌకర్యం ఉంది, దాన్ని వదులుకోకూడదు. మన భాషలో మర్యాద క్రియలోనే ఉంటుంది. ఇరవయ్యొక్కేళ్ల ట్రైనీ అయినా, జనరల్ మేనేజరు అయినా ‘చేరారు’ అనే రాయాలి. స్నేహంగా ఉండాలని ట్రైనీకి ‘చేరాడు’, ‘చేరింది’ అని, పెద్ద హోదాకు ‘విచ్చేశారు’ అని రాస్తే ఒకే పేజీలో రెండు కులాలు పుట్టించినట్టవుతుంది. మొదటిసారి పేరు పక్కన గారు అని రాసి, తర్వాత ఆమె, ఆయన అంటే సరిపోతుంది. స్నేహం వాక్యంలోని సమాచారం వల్ల రావాలి. ఆశ్చర్యార్థకాల వల్ల రాదు.

వదిలేయాల్సినవి

మన మేడమ్ రెజ్యూమెలో రెండేళ్ల ఖాళీ ఉందని చెప్పాను. ఇంటర్వ్యూలో ఆమె కారణం చెప్పే ఉంటారు. ఆరోగ్యం బాగాలేని తల్లిని చూసుకున్నారనుకుందాం. ఇది మంచి విషయమే కదా అని ‘తల్లి సేవ కోసం ఉద్యోగాన్నే త్యాగం చేసిన’ అని రాయాలనిపిస్తుంది. రాయకూడదు. ఆ కారణాన్ని ఆమె ఉద్యోగం ఇచ్చేవారికి చెప్పారు, ఐదువందలమందికి కాదు. పెళ్లి, పిల్లలు, వయసు, ఆరోగ్యం, పాత జీతం, భర్త ఉద్యోగం కూడా ఈ కోవలోవే. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వెనక ఉన్న ఆలోచన కూడా ఇలాంటిదే: ఒక అవసరానికి తీసుకున్న సమాచారాన్ని ఆ అవసరానికే వాడాలి. చట్టం మాట అటుంచినా, ఖాళీ ఉన్న సంవత్సరాలను దాచాల్సిన పని లేకుండా రాసే పద్ధతి సులువైనదే. తేదీల వరుస ఇవ్వకుండా ‘పరవాడలో తొమ్మిదేళ్లు’ అని రాస్తే చాలు. అది నిజం, ఇంకేదీ బయటపెట్టదు.

రెండోది పాత కంపెనీ సంగతులు. స్టెబిలిటీ పనిలో ఉన్న మనిషి అమెరికా ఎఫ్‌డీఏ తనిఖీలను చూసి ఉంటారు. ‘పాత సంస్థ తనిఖీలో ఇబ్బందుల్లో పడ్డప్పుడు గట్టెక్కించిన’ అని రాస్తే కొత్త సంస్థవాళ్లకు ముచ్చటగా ఉంటుంది. కానీ అది పాత యజమాని గుట్టు. దాన్ని బయటపెట్టనని ఆమె సంతకం చేసి వచ్చి ఉంటారు. పోర్టల్ లోపలిదే అయినా ఫోన్లో ఫొటో తీసి పంపడానికి క్షణం పట్టదు. ఆమె ఏం నేర్చుకున్నారో రాయవచ్చు, ఎవరికి ఏ తప్పు జరిగినప్పుడు నేర్చుకున్నారో రాయకూడదు.

మూడోది పొగడ్త. దీని దెబ్బ కొత్త మనిషికీ, పాత మనిషికీ ఇద్దరికీ తగులుతుంది. ఈ మేనేజరు పదవికి అదే సెక్షన్‌లో ఆరేళ్లుగా ఉన్న సీనియర్ ఎనలిస్టు దరఖాస్తు పెట్టుకుని ఉండవచ్చు. ‘ఎట్టకేలకు మనకు అసలైన నిపుణురాలు దొరికారు’ అన్న వాక్యం ఆ ఎనలిస్టు చదువుతాడు. మర్నాడు ఛాంబర్ల తాళాలు, రికార్డులు కొత్త మేనేజరుకు అప్పగించాల్సింది అతనే. ఆ వాక్యం రాసినవారికి అది గుర్తుండదు, కొత్త మేనేజరు మాత్రం దాని ఫలితాన్ని నెలలపాటు మోస్తారు. అందుకని ‘ఆరుగురు ఎనలిస్టుల బృందంతో కలిసి పనిచేస్తారు’ అని బృందాన్ని కూడా వాక్యంలోకి తేవాలి. వెళ్లిపోయిన పాత మేనేజరు ప్రస్తావన, వారితో పోలిక అసలు వద్దు.

రాసిన పరిచయం

ఇవన్నీ పట్టించుకుని రాస్తే మన ఉదాహరణ ఇలా వస్తుంది. పేరు ఉండాల్సిన చోట చుక్కలు పెట్టాను.

‘క్వాలిటీ కంట్రోల్‌లో స్టెబిలిటీ సెక్షన్ మేనేజరుగా …… గారు సోమవారం చేరారు. మన మాత్రల పట్టీ మీద వేసే ఎక్స్‌పైరీ తేదీకి ఆధారమైన పరీక్షలు ఇక వీరి పర్యవేక్షణలో, ఆరుగురు ఎనలిస్టుల బృందంతో జరుగుతాయి.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎనలిటికల్ కెమిస్ట్రీ చదివిన …… గారు పరవాడ ఫార్మాసిటీలో తొమ్మిదేళ్లు ఇదే పని చేశారు. మాత్రల మీద తేమ ప్రభావం ఆమెకు బాగా ఇష్టమైన విషయం. కొత్త ఉత్పత్తికి ఏ ప్యాకింగ్ సరిపోతుందన్న సందేహం ఉన్నవారు నిర్ణయం తీసుకునే ముందు ఒకసారి ఆమెతో మాట్లాడవచ్చు.

మొదటి మూడు నెలల్లో ఛాంబర్ల నుంచి నమూనాలు తీసే తేదీల పట్టికను సరిచూసుకోవడం ఆమె పెట్టుకున్న పని. అందుకు స్టోర్స్, ప్యాకింగ్ విభాగాలవారిని ఈ వారమే కలవాలనుకుంటున్నారు.

ల్యాబ్ మొదటి అంతస్తులో, ఛాంబర్ల గది పక్కన ఉంటారు. ఉత్తరాంధ్ర తప్పెటగుళ్ల ప్రదర్శనలను రికార్డు చేసి దాచుకోవడం ఆమెకు సరదా. చూడాలనుకున్నవారు భోజనం వేళ అడగవచ్చు.’

ఇందులో ఆశిస్తున్నాం, విశ్వసిస్తున్నాం అన్నవి లేవు. ఒక్క విశేషణం కూడా ఆమె సామర్థ్యానికి వాడలేదు. అయినా చదివినవారికి ఆమె పని తెలిసిన మనిషి అని అర్థమవుతుంది. చేరిన రోజు, హోదా, పని, ఎవరితో, ఎక్కడ అన్నవి మొదటి పేరాలోనూ చివరి పేరాలోనూ ఉన్నాయి. ఫోన్లో పైపైన చూసేవారు సాధారణంగా చదివేది ఆ రెండే. ఇంతకంటే పొడుగైతే చదవరు, ఇంతకంటే కుదిస్తే ప్యాకింగ్ ముక్క పోతుంది. షాప్‌ఫ్లోర్‌లో పోర్టల్ చూడని కార్మికులుంటే ఇదే మాటలు తెలుగులో నోటీసు బోర్డు మీద కూడా ఉండాలి. స్టెబిలిటీ నమూనాలను బ్యాచ్ నుంచి పక్కన పెట్టేది వాళ్లే మరి.

పెట్టే ముందు, పెట్టే రోజు

రాసింది ముందుగా చదవాల్సింది ఆ మనిషే. పోర్టల్‌లో పెట్టిన తర్వాత చూపిస్తే లాభం లేదు. చేరిన మొదటి వారంలో ఎవరూ ‘ఈ వాక్యం తీసేయండి’ అని ధైర్యంగా అనలేరు. అందుకని ‘ఏమైనా మార్చాలా?’ అని అడగడం చాలదు. ‘ఇందులో ఏ వాక్యం తీసేయమంటారు?’ అని అడగాలి. తీసేయడానికి అనుమతి ప్రశ్నలోనే ఉంటుంది కాబట్టి జవాబు వస్తుంది. తప్పెటగుళ్ల ముక్క వద్దన్నారనుకోండి, కారణం అడగకుండా తీసేయాలి. వ్యక్తిగత విషయమేదీ వద్దనేవారు కూడా ఉంటారు. వారి పరిచయం పనితోనే నిండుగా ఉంటుంది, దానికి లోటేమీ లేదు. ఫొటో కూడా వారిచ్చిందే వాడాలి. గేటు దగ్గర ఐడీ కార్డు కోసం తీసింది కాదు.

రెండోసారి చదవాల్సింది పై అధికారి. ఆయన చూడాల్సింది భాషను కాదు, హద్దులను. ప్యాకింగ్ విషయంలో సలహా ఇవ్వడం ఈమె పనే అయినా, తుది నిర్ణయం ప్యాకింగ్ డెవలప్‌మెంట్ వారిది అయితే ‘నిర్ణయిస్తారు’ అని రాయకూడదు. పై ఉదాహరణలో ‘నిర్ణయం తీసుకునే ముందు మాట్లాడవచ్చు’ అని ఉన్నది అందుకే. ఒక్క క్రియ మారితే రెండు విభాగాల మధ్య తగువు మొదలవుతుంది.

ఎప్పుడు పెట్టాలన్నది కూడా ఆలోచించాల్సిందే. ఆఫర్ తీసుకుని చేరని వారుంటారు కాబట్టి చేరకముందు పెట్టకూడదు. పాత కంపెనీలో లెక్కలు తేలకముందు పెడితే ఆ మనిషికి ఇబ్బంది. మొదటి రోజు లాగిన్, కుర్చీ, గేటు పాస్ కోసం తిరగడంతోనే సరిపోతుంది, ఎవరైనా కలవడానికి వచ్చినా మనిషి దొరకరు. రెండో రోజో, మూడో రోజో ఉదయం మంచిది. శుక్రవారం సాయంత్రం పెట్టింది సోమవారానికి అడుగున పడిపోతుంది.

చెప్పడానికి అనుభవం లేనప్పుడు

క్యాంపస్ నుంచి ఒకేసారి ఇరవైమంది చేరినప్పుడు మామూలుగా ఒక గ్రూప్ ఫొటో, దాని కింద పేర్ల వరుస పెడతారు. వాళ్లకు అనుభవం లేదు కాబట్టి రాయడానికేమీ లేదని అనుకుంటారు. కానీ ప్రతి ఒక్కరూ చివరి ఏడాది ఒక ప్రాజెక్టు చేసి ఉంటారు, చాలామంది ఎక్కడో ఇంటర్న్‌షిప్ చేసి ఉంటారు. అందులో వాళ్లు చేతులతో చేసిందేమిటి అని అడిగితే ఒక వాక్యం వస్తుంది. ‘హెచ్‌పీఎల్‌సీ యంత్రం మీద ఐదు నెలలు నమూనాలు నడిపారు’ అన్నది ఒక వాక్యం. ‘కాలేజీలో పాత యంత్రం కాలమ్ మూసుకుపోతే విప్పి శుభ్రం చేయడం నేర్చుకున్నారు’ అన్నది ఇంకొకటి. ఏ సెక్షన్‌లో కూర్చుంటారు, మొదటి ఆరు నెలలు ఎవరి దగ్గర పని నేర్చుకుంటారు అన్నది రెండో వాక్యం. మనిషికి రెండు వాక్యాల చొప్పున ఇరవైమందికీ నలభై వాక్యాలు. ఇద్దరు కూర్చుంటే ఒక పూట పని. ఆ కాలమ్ శుభ్రం చేయడం వచ్చిన ట్రైనీని, తన యంత్రం మొరాయించిన రోజున, ల్యాబ్‌లో ఎవరో ఒకరు వెతుక్కుంటూ వస్తారు. అతను ఆ కంపెనీలో ఉద్యోగం మొదలుపెట్టేది నిజానికి ఆ రోజునుంచే.